టేపు పట్టుకుని ఎర్రగడ్డ సంతకి

మా ఆఫీసులో ఏసీ రిమోట్ ఎవరి దగ్గర ఉంటుందో నాకు ఇప్పటికీ తెలీదు. మండు వేసవిలో కూడా మధ్యాహ్నం మూడయ్యేసరికి కీబోర్డు మీద వేళ్లు కొంకర్లు పోతాయి. వారానికి మూడు రోజులు ఆఫీసుకి రావాల్సిందే అన్నాక నాకో జాకెట్ అవసరమైంది. జాకెట్ అంటే చీర మీదకి వేసుకునేది కాదండీ, కుర్తీ మీదా షర్టు మీదా కోటులా తగిలించుకునేది. షోరూముల్లో నాకు నచ్చినవన్నీ మూడు వేల పైమాటే. తమ్ముడి ఇంజినీరింగ్ ఫీజు కట్టాక బట్టలకి నేను పెట్టుకున్న లెక్క నెలకి వెయ్యి. కాబట్టి ఎర్రగడ్డ ఆదివారం సంతే దిక్కు.

అయితే సంతకి వెళ్లేముందు శనివారం రాత్రి ఒక పని ఉంటుంది. బీరువాలో బట్టలన్నీ మంచం మీద పోసి, గత నెలలో నిజంగా వేసుకున్నవి మాత్రం ఒక పక్కకి తీస్తాను. నావి తేలినవి ఇవీ: ముదురు నీలం జీన్స్ ఒకటి, నల్లది ఒకటి, బూడిద రంగు ప్యాంటు ఒకటి. పైకి తెల్ల షర్టు, లేత నీలం షర్టు, మూడు పొట్టి కుర్తీలు. కుర్తీల్లో ఒకటి ఆవపిండి పసుపు, ఒకటి లేత గులాబీ, ఒకటి ముదురాకుపచ్చ. అంతే. మిగతావన్నీ పెళ్లిళ్లకీ, పండగలకీ.

వీటిని ఎదురుగా పెట్టుకుని చూస్తే జాకెట్ ఎలా ఉండాలో అవే చెప్పేస్తాయి. కిందవన్నీ ముదురు రంగులు, పైవి ఎక్కువగా లేతవి. మధ్యలో కలిసేది ఆలివ్ గ్రీన్ లేదా గోధుమ రంగు, అదీ పూలూ గళ్లూ లేకుండా. పొడవు కూడా ముఖ్యమే. పొట్టి కుర్తీకి పక్కన చీలిక ఎక్కడ మొదలవుతుందో జాకెట్ దాదాపు అక్కడ ఆగాలి. కుర్తీ అంచు దాకా వస్తే రెండు అంచులూ ఒకేచోట చేరి మనిషి బస్తాలా కనిపిస్తుంది. నడుం పైనే ఆగిపోతే కుర్తీ కింద నుంచి గొడుగులా విచ్చుకుంటుంది.

తర్వాత టేపు. సెకండ్ హ్యాండ్‌లో లేబుల్ మీద ఉన్న సైజుని నమ్మకూడదు. ఒక బ్రాండ్ ఎం ఇంకో బ్రాండ్‌కి ఎల్. సంతల్లో దొరికేవాటిలో బయటి దేశాల బట్టలూ ఉంటాయి. అమెరికా లేబుల్ మీద 8 అంటే బ్రిటన్ లేబుల్ మీద దాదాపు 12. పైగా ఎన్ని ఉతుకులకి అది ఎంత కుంచించుకుపోయిందో మనకెలా తెలుస్తుంది? అందుకే కొలవాల్సింది ఒంటిని కాదు, మనకి బాగా సరిపోయే బట్టని. మా రూమ్మేట్ జాకెట్ ఒకటి నాకు కుట్టించినట్టు సరిపోతుంది. దాన్ని గుండీలు పెట్టి మంచం మీద పరిచి నాలుగు కొలతలు తీశాను. ఒక భుజం కుట్టు నుంచి రెండో భుజం కుట్టుకి పద్నాలుగున్నర అంగుళాలు. ఒక చంక నుంచి రెండో చంకకి 19. భుజం నుంచి చెయ్యి చివరికి ఇరవై రెండున్నర. మెడ వెనక నుంచి కిందికి 25. ఫోన్‌లో నోట్స్‌లో రాసుకున్నాను.

ఇక్కడ చాలామంది తికమకపడేది ఒకటుంది. చంక నుంచి చంకకి 19 అంటే అది ముందు వైపు మాత్రమే. చుట్టూ కొలిస్తే 38. నా ఛాతీ 34, అంటే నాలుగు అంగుళాల వదులు. పరిచి కొలిచినప్పుడు ఒక్క అంగుళం తేడా వస్తే ఒంటి మీదికొచ్చేసరికి రెండు అంగుళాలు. మా రూమ్మేట్ ఒక ఇన్‌స్టా పేజీలో బ్లేజర్ బుక్ చేసింది. అక్కడ రాసిన 20ని నడుం కొలత అనుకుంది పిచ్చిది! ఆ పేజీల్లో సాధారణంగా వాపసు ఉండదు. అది ఇప్పుడు మా కుర్చీకి తొడిగి ఉంది.

కేపీహెచ్‌బీ నుంచి ఎర్రగడ్డకి మెట్రోలో పెద్ద దూరం కాదు. పొద్దున్నే వెళ్తే ఎండ తక్కువ, కుప్పలో చెయ్యి పెట్టడానికి చోటు ఎక్కువ. ఆ రోజు నా చేతికి మూడు తగిలాయి.

మొదటిది నల్ల బ్లేజర్, చూడగానే ముద్దొచ్చింది. భుజం కొలిస్తే పదహారున్నర. అక్కడే పక్కన పెట్టేశాను. పక్కలు లోపలికి కుట్టించుకోవచ్చు, చెయ్యి పొట్టి చేయించుకోవచ్చు. భుజం తగ్గించాలంటే మాత్రం చెయ్యి మొత్తం ఊడదీసి, చంక గుండ్రం మళ్లీ కత్తిరించి, బ్లేజరయితే లోపలి ప్యాడ్, లైనింగ్ కూడా కదిలించాలి. టైలర్ అడిగే డబ్బులు బ్లేజర్ ధర దాటేస్తాయి. పైగా ఆ నలుపు నలుపు కాదు. కాలర్ ఎత్తి లోపల చూస్తే బొగ్గులా ఉంది, పైన తుప్పు కలిసినట్టుంది. వాడి వెలిసిన నలుపుని మన నల్ల జీన్స్ మీద వేస్తే రెండూ ఒకదాని పరువు ఒకటి తీస్తాయి. తెలుపు కూడా అంతే. పాత తెలుపు విడిగా బాగానే కనిపిస్తుంది, మన తెల్ల షర్టు పక్కన పెట్టగానే పసుపు తేలుతుంది.

రెండోది లెదర్‌లా మెరిసే జాకెట్. మోచెయ్యి దగ్గర లోపలికి మడిచి చూశాను. సన్నగా వెంట్రుకల్లాంటి పగుళ్లు. ఇలాంటివి ఎక్కువగా గుడ్డ మీద పాలియురెథేన్ పూత పూసినవి. ఆ పూత గాల్లో తేమకి ఏళ్ల తరబడి తనంతట తానే విరిగిపోతుంది, బీరువాలో వేలాడదీసి ఉంచినా సరే. ఒకసారి మొదలైందంటే పెచ్చులు ఊడటం ఆగదు, అతికించే జిగురూ లేదు. వంద రూపాయలకిస్తానన్నా వద్దన్నాను.

మూడోది ఆలివ్ గ్రీన్ కాటన్ జాకెట్. భుజం 15. నాకు కావల్సిన దానికంటే అర అంగుళం ఎక్కువే, కానీ లోపల కుర్తీ ఉంటుంది కాబట్టి ఫర్వాలేదు. చంక నుంచి చంకకి 20. పొడవు 26. చెయ్యి మాత్రం ఇరవై నాలుగున్నర, అంటే రెండు అంగుళాలు ఎక్కువ. వెలుగుకి ఎదురుగా పట్టుకుని చూశాను, చిల్లులు గానీ పలచబడిన చోట్లు గానీ ఉంటే వెలుతురు చుక్కలుగా బయటపడుతుంది. చంకలు, కాలర్ మడత, కఫ్ అంచు, జేబుల మూలలు చూశాను. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. కలరా ఉండల వాసన రెండు ఎండలకి పోతుంది, కానీ నల్ల చుక్కల బూజు పడితే ఆ మచ్చలు చాలావరకు పోవు. ఇవేవీ లేవు. ఆరు గుండీల్లో ఒకటి లేదు.

రంగు కోసం బ్యాగులోంచి పసుపు కుర్తీ తీసి ఎండలో పక్కన పెట్టి చూశాను. "ఫోటో తీసి చూసుకోవచ్చుగా మేడమ్" అని బండాయన నవ్వాడు. ఫోన్ కెమెరా చుట్టూ ఉన్న వెలుతురుని బట్టి తెలుపు ఏదో తనే అంచనా వేసుకుని రంగులన్నీ జరిపేస్తుంది. టార్పాలిన్ నీలి నీడలో తీసిన ఫోటోలో ఆలివ్ కాస్తా ఇంకేదో రంగైపోతుంది. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు నేను అడిగేది కూడా ఇదే: బట్ట పక్కన తెల్ల కాగితం పెట్టి, కిటికీ దగ్గర పగటి వెలుతురులో ఒక ఫోటో.

నాలుగు వందలన్నాడు, రెండు వందల యాభైకి ఇచ్చాడు. అయినా డబ్బులిచ్చే ముందు మనసులో ఒక లెక్క వేసుకున్నా. తెల్ల షర్టు, నల్ల జీన్స్: సరే. పసుపు కుర్తీ, నీలం జీన్స్: సరే. లేత నీలం షర్టు, బూడిద ప్యాంటు: సరే. గులాబీ కుర్తీ కూడా సరే. ముదురాకుపచ్చ కుర్తీతో మాత్రం కుదరదు, రెండు ఆకుపచ్చలు పోట్లాడుకుంటాయి. కొత్తగా ఇంకేదీ కొనకుండా మూడు జతలు కుదరాలన్నది నా నియమం. ఒకదాని కోసం ఇంకోటి కొనాల్సొస్తే అది చవక బేరం కాదు. మా కోడ్‌లో చిన్న లైబ్రరీ ఒకటి పెడితే వెనకాల పది డిపెండెన్సీలు దిగినట్టు ఉంటుంది.

మా వీధి టైలర్ కఫ్ విప్పి, చెయ్యి రెండు అంగుళాలు కత్తిరించి, మళ్లీ అదే కఫ్ అతికించి నూట ఇరవై తీసుకున్నాడు. అంచు మడత ఒక్కటే అయితే ఇంకా తక్కువే అయ్యేది. గుండీకి నా ఉపాయం వేరే. ఎప్పుడూ పెట్టుకోని అడుగు గుండీ తీసి, ఊడిన చోట కుట్టాను. అడుగున వేరే రంగు గుండీ వేశా, ఎవరూ చూడరు. మొత్తం మూడు వందల డెబ్భై. చిన్నగా ఉన్నదాన్ని పెద్దది చేయించుకోవచ్చని మాత్రం ఆశ పెట్టుకోవద్దు. రెడీమేడ్ బట్టల్లో కుట్టు లోపల వదిలే గుడ్డ సాధారణంగా అర అంగుళం కూడా ఉండదు. ఉన్నా, విప్పితే పాత కుట్టు వరసా, వెలవని రంగు గీతా అలాగే కనిపిస్తాయి.

ఇంతా అయ్యాక వీడియో కాల్‌లో అమ్మ చూసింది. "ఎక్కడ కొన్నావే?" అంది. చెప్పాను. మొహం మాడిపోయింది.

"ఎవరో విడిచిన గుడ్డలు కట్టుకునే ఖర్మ మనకేంటే? ఎవరివో, ఏ రోగం వాళ్లవో, పోయినవాళ్లవో..."

ఇది నవ్వి వదిలేసే మాట కాదు. అమ్మ చిన్నప్పుడు వాళ్ల పెద్దమ్మ పిల్లల బట్టలు తొడుక్కుని పెరిగింది. కూతురికి ఉద్యోగం వచ్చాక ఆ రోజులు పోయాయనుకుంది. అలాగని మా ఇంట్లో సగం స్టీలు డబ్బాలు పాత చీరలిచ్చి తీసుకున్నవే. "మరి నువ్విచ్చిన చీరలు ఎటు పోయాయమ్మా? ఎవరో ఒకరు కట్టే ఉంటారుగా" అన్నాను. "ఇవ్వడం వేరు, తెచ్చుకోవడం వేరు" అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

రోగం సంగతి మాత్రం చెప్పాను. తెచ్చిన సంచి ఇంట్లో విప్పను. బాల్కనీలోనే వేడినీళ్లలో సబ్బుపొడి వేసి నానబెడతాను, ఉతికి ఎర్రటి ఎండలో తిరగేసి ఆరేస్తాను, కుట్ల వెంబడి వేడి ఇస్త్రీ పెడతాను. కాటన్ కాబట్టి తట్టుకుంటుంది. వేడినీళ్లలో వేస్తే ఉన్ని ముడుచుకుపోతుంది, రేయాన్ కూడా నమ్మకం లేదు. అవయితే చల్లనీళ్లూ, ఎండా, పైన పల్చటి గుడ్డ వేసి ఇస్త్రీ. లోదుస్తులూ చెప్పులూ మాత్రం కొననే కొనను. వాడిన చెప్పు అడుగు అవతలివాళ్ల పాదం ఆకారానికి అరిగి ఉంటుంది.

అమ్మ అంతా విని "దేవుడి గదిలోకి మాత్రం అది వేసుకుని రాకు" అంది. సరేనన్నాను. పండక్కి ఊరెళ్లినప్పుడు జాకెట్ బ్యాగులోనే ఉంచాను.

ప్రస్తుతం నా ఫోన్‌లో మిగిలిన లిస్టు ఒకటే లైను: గోధుమ రంగు ప్యాంటు, నడుం 30, కాలి లోపలి కుట్టు 28, తొడల దగ్గర రాపిడి ఉండకూడదు. నాలుగు ఆదివారాలు అయింది, దొరకలేదు. పోయిన వారం రెండు వందలకి ఎర్ర స్కర్ట్ ఒకటి కనిపించింది, భలే ఉంది. నా షర్టుల్లో ఒక్క తెల్లదే దానికి సరిపోయింది. మడిచి కుప్ప మీద పెట్టి వచ్చేశాను.