అనంతగిరి ఘాట్‌లో వెనక చక్రం

జనవరి 11, ఆదివారం
అరకు నుంచి దిగుతుంటే మళ్లీ అదే మలుపు, అదే గొడవ. ముందు బ్రేకు గట్టిగా పట్టి, మూడు నుంచి రెండుకి దించి, క్లచ్ ఠక్కున వదిలేశా. వెనక టైరు టకటకా గంతులేసింది, బండి తోక పక్కకి జరిగింది. వెనక బ్రేకు ముట్టుకోనే లేదు. ఆ పక్కనే లోయ. చెమట పట్టేసింది.

జనవరి 13, మంగళవారం
షాపులో పెద్దాయన విని నవ్వాడు. "మూడో గేరులో 5000 తిరిగే ఇంజను, అదే స్పీడులో రెండుకొస్తే సుమారు 6500 తిరగాలి బాబూ. నువ్వు రేజ్ ఇవ్వలేదు. మరి ఆ పదిహేను వందలు ఎవరు తిప్పాలి?" వెనక చక్రమే. బ్రేకు పట్టడంతో బరువంతా ముందుకెళ్లి, అది అప్పటికే నేలని తాకీతాకనట్టుంది. పట్టు చాలక గెంతింది.

బల్ల మీద వేరే బండి స్లిప్పర్ క్లచ్ విప్పి ఉంది. హబ్బు మీదా ప్రెజర్ ప్లేటు మీదా ఎదురెదురుగా ఏటవాలు గట్లు. చక్రం ఇంజన్ని తిప్పబోతే ప్లేటు ఆ వాలు ఎక్కి కొద్దిగా లేస్తుంది. స్ప్రింగుల ఒత్తిడి తగ్గి క్లచ్ ప్లేట్లు జారతాయి. "ఇంజను బ్రేకు పోదు, దాని కోరలు ఊడతాయంతే." కొన్నిట్లో రెండో వైపు కూడా వాలుంటుందట. ఇంజను లాగేటప్పుడు అది ప్లేట్లని బిగిస్తుంది కాబట్టి మెత్తటి స్ప్రింగులు చాలు, లివరు రెండు వేళ్లకే వస్తుంది. నా బండికి మాత్రం ఆ కిట్టు దొరకదట.

జనవరి 18, ఆదివారం
తమ్ముడి కొత్త బండికి క్విక్‌షిఫ్టర్ ఉంది. "నీ జబ్బుకి ఇదే మందు అన్నయ్యా" అన్నాడు. కాదు. ఎక్కేటప్పుడు మాత్రం అద్భుతం: యాక్సిలరేటర్ వదలకుండా, క్లచ్ పట్టకుండా కాలివేలితో లేపితే టప్పున గేరు పడుతుంది. లివరు కడ్డీ దగ్గర సెన్సారు కాలి ఒత్తిడిని పసిగట్టగానే, ఇంజను శక్తి రెప్పపాటులో సగం సేపు కూడా ఉండనంత కొంచెంసేపు ఆగుతుంది. బలంగా పెనవేసుకున్న గేర్ల బొడిపెలు ఆ క్షణంలో వదులై జారతాయి. అంటే ఇది తీర్చేది ఊపు తెగకుండా పైకి వెళ్లే బాధని. వీడిది పైకి మాత్రమే పనిచేసే రకం, దిగేటప్పుడు క్లచ్ పట్టాల్సిందే. రెండు వైపులా పనిచేసేవైతే, దిగేటప్పుడు కంప్యూటరే కాస్త రేజ్ ఇచ్చి వేగం కలుపుతుంది.

ఒకసారి కాలు మొహమాటంగా లేపా. శక్తి తెగింది కానీ గేరు పడలేదు, దొంగ న్యూట్రల్లో ఇంజను ఊరికే అరిచింది. ఊళ్లో నెమ్మదిగా పోతూ మార్చినా కుదుపే.

జనవరి 25, ఆదివారం
అదే మలుపు, నా బండే. క్లచ్ పట్టి, రెండుకి దించి, చిటికెడు రేజ్ ఇచ్చి, లివరు మెల్లగా వదిలా. మొదటిసారి రేజ్ ఎక్కువై బండి ముందుకి తోసింది. మూడోసారికి టైరు చప్పుడు లేదు.