ఇంతకీ టీవీ చూసిందెవరు?

గత డిసెంబరులో జపనీస్ ఎన్-4 పరీక్ష తప్పాను. 180కి 90 రావాలి, నాకు 86 వచ్చాయి. ఇంట్లో ఈ మాట చెప్తే నాన్న, "ఆ నాలుగూ ఎక్కడ పోయినయిరా?" అన్నాడు. నాట్లు ఆపి ఫీజు కట్టిన మనిషి, అడగడంలో తప్పు లేదు. ఎక్కడ పోయాయో నాకూ తెలీదు. కానీ ఒక చోటు మీద గట్టి అనుమానం ఉంది.

జపనీస్‌లో 'వా', 'గా' అని రెండు చిన్న ముక్కలున్నాయి, పేరు చివర తగిలిస్తారు. మొదటి పాఠంలోనే "వాతాషి వా" అంటే "నేను" అని బట్టీపట్టాను. దాంతో 'వా' అంటే కర్త గుర్తు అని మనసులో పడిపోయింది. మరి 'గా' ఎందుకూ? అదీ కర్తేనట! రోగం అక్కడే మొదలైంది.

హాస్టల్లో మా సీనియర్ అన్న పాత ప్రశ్నల పుస్తకంలోంచి రెండు వాక్యాలు రాసి చూపించాడు.

"చిచి వా ఇయె ని కాయెత్త తోకి, తెరెబి ఓ మిమాషిత."
"చిచి గా ఇయె ని కాయెత్త తోకి, తెరెబి ఓ మిమాషిత."

చిచి అంటే నాన్న. నాన్న ఇంటికొచ్చినప్పుడు టీవీ చూడటం జరిగింది. రెంటికీ తేడా ఒక్క ముక్కే.

"టీవీ చూసిందెవరురా?" అన్నాడు అన్న.

"రెంట్లోనూ నాన్నే" అన్నాను ధీమాగా.

"మొదటిదాంట్లో నాన్న. రెండోదాంట్లో నువ్వు!"

నాకు తల తిరిగింది. మన తెలుగులో ఈ చిక్కే లేదు. చూశాడు అంటే ఆయన, చూశాను అంటే నేను. క్రియ తోకే చెప్పేస్తుంది. జపనీస్‌లో 'మిమాషిత' నాకూ, నాన్నకూ, ఊళ్ళో అందరికీ ఒకటే. అందుకని ఆ పని 'వా', 'గా'ల మీద పడింది. 'వా' తగిలిన పేరు వాక్యం చివరిదాకా సాగుతుంది: నాన్న సంగతేమంటే, వచ్చాడు, చూశాడు. 'గా' తగిలిన పేరు ఆ చిన్న వాక్యంలోనే, 'వచ్చినప్పుడు' దగ్గరే ఆగిపోతుంది. ఆ తర్వాత చూసింది మాట్లాడేవాడే అనుకోవాలి, ముందు మాటల్లో ఇంకెవరి ప్రసక్తైనా ఉంటే తప్ప.

"కోరె వా చిచి గా త్సుకుత్త కొమె దెసు", అంటే ఇది నాన్న పండించిన బియ్యం అన్నదాంట్లోనూ ఇదే లెక్క. 'నాన్న' అన్నది 'పండించిన' దాకే, కనుక 'గా'. నేనైతే అక్కడ 'వా' పెట్టి వచ్చేవాణ్ణి.

మళ్ళీ జులైలో రాస్తున్నాను. ఇప్పుడు వాక్యం కనపడగానే చివరి క్రియ మీద వేలు పెట్టి, ఇది ఎవరిదని అడుగుతాను. 'వా' ఉన్న పేరుకది అతకకపోతే, ఆ పేరుకి 'గా' పెట్టి చూస్తాను. మొన్న ఇంటికెళ్ళినప్పుడు నాన్నకీ చెప్పాను. శ్రద్ధగా విని, "అయితే టీవీ చూసింది నువ్వేనన్నమాట" అన్నాడు.