కరెంటు పోయింది, లాగిన్ పోలేదు

పన్నెండేళ్ళుగా లాగిన్ పేజీలు రాసి బతుకుతున్నవాణ్ణి. ఇంటర్వ్యూకొచ్చిన కుర్రాళ్ళని కుకీ అంటే ఏంటి, సెషన్ అంటే ఏంటి అని పీడించేవాణ్ణి. అలాంటి నేను ఓ సంక్రాంతికి ఊరెళ్ళి చేసిన నిర్వాకం ఇది. నవ్వుకోండి, ఫర్వాలేదు.

తిరుగు ప్రయాణం రోజున బ్యాంకు స్టేట్‌మెంటు ప్రింటు కావాల్సొచ్చి బస్టాండు పక్కనున్న నెట్ సెంటర్‌కి వెళ్ళాను. క్రోమ్‌లో జీమెయిల్ తెరిచి పాస్‌వర్డ్ కొట్టాను, ఫోన్లో వచ్చిన ప్రశ్నకి అవునన్నాను, పీడీఎఫ్ దించుకుని ప్రింటిచ్చాను. కాగితాలు చేతికొచ్చాయో లేదో కరెంటు పోయింది. యూపీఎస్ రెండుసార్లు కుయ్యోమని అదీ ఆగిపోయింది. "సిస్టమే ఆగిపోయాక ఇంకా లాగౌట్ ఏంటి" అనుకుని డబ్బులిచ్చి బస్సెక్కాను.

ఊరు దాటాక బుర్ర వెలిగింది. జీమెయిల్ లాగిన్ కుకీ హార్డ్‌డిస్కు మీద ఉంటుంది. కరెంటు వచ్చాక ఎవరు క్రోమ్ తెరిచినా నా మెయిలే పలకరిస్తుంది. పైగా పాస్‌వర్డ్ కొట్టాక పైన ఏదో చిన్న పెట్టె వస్తే తొందరలో నొక్కేశాను. అది Save అయ్యుంటే?

వెంటనే ఫోన్లో ఆ కంప్యూటర్ని లాగౌట్ చేయబోయి ఆగాను. ఒక్క లాగౌట్ చేస్తే కుకీ చచ్చిపోతుంది కానీ, సేవ్ అయిన పాస్‌వర్డ్ అక్కడే ఉంటుంది. లాగిన్ పేజీలో బ్రౌజరే దాన్ని నింపి పెడుతుంది. రెండో అంచె అడ్డుకుంటుందిలే అనుకోవచ్చు. కానీ ఫోన్లో అడిగేటప్పుడు ‘ఈ కంప్యూటర్లో మళ్ళీ అడగొద్దు’ అనే టిక్ ఒకటుంటుంది. అది తీశానో లేదో గుర్తులేదు.

అందుకని ముందు పాస్‌వర్డ్ మార్చాను. అక్కడ సేవ్ అయినది ఇక చిత్తు కాగితమే. పాస్‌వర్డ్ మారిస్తే గూగుల్ చాలా చోట్ల తనే లాగౌట్ చేస్తుంది గానీ, కొన్ని పరికరాలకి మినహాయింపులున్నాయి. అందుకే కళ్ళతో చూసుకోవాలని గూగుల్ ఖాతాలో సెక్యూరిటీలోకెళ్ళి Your devices తెరిచాను. విండోస్ కంప్యూటర్ ఒకటి కనపడింది, ఊరు మాత్రం హైదరాబాద్ అని ఉంది. గుండె గుభేల్మంది. తర్వాత గుర్తొచ్చింది, ఆ ఊరి పేరు ఐపీ అడ్రస్సుని బట్టి వేసిన అంచనాయే. టైము చూస్తే సరిగ్గా నేను ప్రింటు తీసుకున్న టైమే. Sign out నొక్కాను. ఆ తర్వాత రెండో అంచె సెట్టింగుల్లో, మళ్ళీ అడగక్కర్లేదని నమ్మిన కంప్యూటర్లన్నిటినీ రద్దు చేశాను. ఇకమీదట ఎవరు ప్రయత్నించినా నా ఫోను మోగాల్సిందే.

(ఈ దూరం నుంచి లాగౌట్ చేసే సౌకర్యం జీమెయిల్‌కి 2008లోనే వచ్చింది. ఇప్పటికీ కంప్యూటర్లో జీమెయిల్ అడుగున కుడివైపు Details నొక్కితే ఏ ఐపీ నుంచి ఎప్పుడు తెరిచారో కనిపిస్తుంది.)

హమ్మయ్య అనుకుని సీటు వెనక్కి వాల్చాను. అప్పుడు తట్టింది అసలు సంగతి. దించుకున్న పీడీఎఫ్! ఆర్నెల్ల జీతం, ఈఎంఐలు, అకౌంటు నంబరు, అన్నీ అక్కడి Downloads ఫోల్డర్లో ఉన్నాయి. దాన్ని ఏ లాగౌటూ తుడవలేదు.

మా బాబాయి కొడుక్కి ఫోన్ చేశాను. వాడు కొట్టుకెళ్ళి, నడిపే అబ్బాయికి చెప్పి, నవ్వుతూ మళ్ళీ చేశాడు.

"అన్నయ్యా, ఇక్కడ ఊళ్ళో సగం మంది ఆధార్‌లున్నాయి. నీదేది?"

ఫైలు పేరు చెప్పాను. మామూలు డిలీట్ కొడితే రీసైకిల్ బిన్‌లోకెళ్ళి కూచుంటుంది కాబట్టి Shift+Delete కొట్టమన్నాను. తర్వాత అడ్రస్ బార్‌లో ఇది కొట్టమన్నాను:

```
chrome://password-manager/passwords
```

ఉంది. నా మెయిల్ ఐడీ, పక్కన చుక్కలు. నేను నొక్కింది Saveయే! దాన్ని కూడా తీసేయించాను. పాత పాస్‌వర్డే అయినా, అదే పాస్‌వర్డ్ ఇంకెక్కడెక్కడ వాడానో నాకూ మా ఇంటావిడకీ తెలుసు. ఆ రాత్రి ఇంటికెళ్ళి అవీ మార్చాను.

ఇంకో గండం తృటిలో తప్పింది. క్రోమ్ sync అడిగితే వద్దన్నాను. ఒప్పుకునుంటే నా పాస్‌వర్డులన్నీ ఆ కంప్యూటర్లోకి దిగేవి, ఒక్కటి మార్చి ఊరుకుంటే సరిపోయేది కాదు.

ఇప్పుడు ఎవరి కంప్యూటరైనా ముందు Ctrl+Shift+N కొడతాను. ఆ విండోలన్నీ మూసేస్తే కుకీలు పోతాయి. కానీ దించుకున్న ఫైలు మాత్రం ఇన్‌కాగ్నిటోలో కూడా డిస్కు మీదే ఉంటుంది, దాన్ని మనమే తుడవాలి. కుర్చీలోంచి లేవకుండా, కరెంటు ఉండగానే.