గోడ కోస్తే కనిపించిన ఇల్లు

పోయిన నెల గ్రూపులో మేము పెట్టిన బొమ్మ చూసి చాలామంది అడిగారు, ఇంటిని కత్తితో కోసినట్టు ఎలా గీశారు, కొలతలు ఎలా పట్టారు అని. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకన్నా ఇక్కడే రాస్తున్నాం. మేమంటే హాస్టల్లో ఒకే గదిలో ఉండే ముగ్గురం, ముగ్గురివీ కూనవరం వైపు ఊళ్లే. పోలవరం ముంపులో పోయే ఊళ్లు. గీసింది మాలో ఒకరి తాత కట్టిన ఇల్లు.

ఇంటి బొమ్మల్లో ప్లాను అనేది పైనుంచి చూసినట్టు ఉంటుంది. గది ఎంత పొడుగు, తలుపు ఎక్కడ, అంతే తెలుస్తుంది. సెక్షన్ అంటే ఇంటిని నిలువునా కోసి ఎదురుగా నిలబడి చూడటం, ఎత్తులు తెలుస్తాయి. కానీ అది బల్లపరుపుగా ఉంటుంది, గది లోతు రాదు. ఈ రెండింటి లోటూ తీర్చేది సెక్షనల్ పర్‌స్పెక్టివ్. కోసిన ముఖం అసలు కొలతలో ఉంటుంది, దాని వెనకున్న గది మన కంటికి కనిపించినట్టు చిన్నదవుతూ లోపలికి పోతుంది. అమెరికాలో పాల్ రుడాల్ఫ్ అనే ఆర్కిటెక్టు ఇలాంటి బొమ్మలకి పేరుపొందాడు. యేల్ యూనివర్సిటీలో 1963లో పూర్తయిన ఆయన భవనం బొమ్మ మా మేడమ్ క్లాసులో చూపించారు. అంత కాంక్రీటు కోసి చూపించొచ్చు గానీ మట్టి గోడ కోయకూడదా అని మాకు అప్పుడే అనిపించింది.

సెలవులకి ఊరెళ్లి రెండు రోజులు కొలిచాం. ముందు వసారా మీటరున్నర, మధ్య గది 3.6 మీటర్లు, వెనక వసారా మళ్లీ మీటరున్నర. మొత్తం 6.6 మీటర్లు. వాకిలి నేలని సున్నా అనుకుంటే వసారా 30 సెంటీమీటర్ల ఎత్తు, గది నేల 45, అటక 2 మీటర్ల 25, ఇంటి వెన్ను 4 మీటర్ల 20. చూరు మాత్రం మీటరు ముప్పైలోనే ఉంది, తల వంచకుండా ఎవరూ లోపలికి రారు. నేల ఎత్తుల తేడా టేపుతో సరిగ్గా రాదు, పేడతో అలికిన నేల ఎగుడుదిగుడుగా ఉంటుంది కదా. మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబు తెచ్చి పట్టాం. రెండు చివర్లలో నీళ్లు ఎప్పుడూ ఒకే మట్టంలో ఉంటాయి, అక్కణ్ణుంచి కిందికి కొలుచుకోవడమే. వెన్ను ఎత్తుకి వెదురు గెడకి టేపు కట్టి పైకి ఎత్తాం.

తర్వాత స్కేలు. 20 సెంటీమీటర్లని ఒక సెంటీమీటరు చేశాం. అప్పుడు ఇల్లు 33 సెంటీమీటర్ల వెడల్పు, 21 సెంటీమీటర్ల ఎత్తు వచ్చింది, ఏ3 షీటులో సరిపోయింది. కోసిన ముఖాన్ని ఈ కొలతలో మామూలు సెక్షన్ లాగే గీసేయాలి. కష్టం దాని తర్వాతే మొదలవుతుంది, లోతు చూపించేటప్పుడు.

కోసిన చోటి నుంచి అవతలి గోడ 3 మీటర్ల లోపల ఉంది. అది బొమ్మలో ఎంత చిన్నదవుతుంది అన్నది మన కన్ను ఎంత దూరంలో ఉందనుకుంటామో దాన్ని బట్టి ఉంటుంది. లెక్క చిన్నదే. కంటి దూరాన్ని, కంటి దూరం ప్లస్ లోతుతో భాగించాలి. మొదటిసారి కన్ను 3 మీటర్ల దూరంలో పెట్టుకున్నాం. 3ని 6తో భాగిస్తే సగం. అవతలి గోడ సగానికి పడిపోయి, తాత ఇల్లు రైలు సొరంగంలా తయారైంది. రెండు పక్కల వసారాలు సాగదీసినట్టు వచ్చాయి. చూపు కోణం 60 డిగ్రీలు దాటితే అంచులు ఇలాగే సాగుతాయి. మాది 95 దాకా పోయింది. కంటిని 6 మీటర్లకి వెనక్కి జరిపాం. 6ని 9తో భాగిస్తే మూడింట రెండు వంతులు. 33 సెంటీమీటర్ల ముందు ముఖానికి అవతలి చివర 22 సెంటీమీటర్లు. కోణం 58 దగ్గర ఆగింది. అప్పుడు ఇల్లు ఇల్లులా కనిపించింది.

అయినా బొమ్మలో ఏదో లోటు. మేము పని చేసిన రెండు రాత్రులూ దీంతోనే పోయాయి, అందుకే కొంచెం వివరంగా చెబుతాం. కంటి ఎత్తు మీటరున్నర పెట్టాం, మనిషి నిలబడి చూసే ఎత్తు అది, పుస్తకంలోనూ అలాగే ఉంటుంది. మా ఇంట్లో అటక 2.25 మీటర్ల ఎత్తున ఉంది, అంటే కంటికి పైన. కంటికి పైనున్న దాని అడుగు భాగమే కనిపిస్తుంది, పైభాగం కనిపించదు. అటక మీద జొన్న కంకులు, చిక్కుడు విత్తనాల మూటలు, చేపల బుట్ట, తాత విల్లు ఉన్నాయి. ఒక్కటీ బొమ్మలోకి రాలేదు, వెదురు తడిక అడుగు మాత్రం వచ్చింది. గది నేల కూడా సన్నటి పట్టీ అయిపోయింది. లెక్క ప్రకారం 1.75 సెంటీమీటర్లే. అందులో మూడు రాళ్ల పొయ్యి గీస్తే మూడు చుక్కల్లా ఉంది.

కంటిని 3 మీటర్ల ఎత్తుకి లేపాం. ఏ మనిషీ అక్కడ నిలబడడు, పిట్ట కూర్చునే ఎత్తు. కానీ అటక ఇప్పుడు కంటికి కింద పడింది, దాని పైభాగం 1.25 సెంటీమీటర్ల పట్టీగా తెరుచుకుంది. గది నేల 4.25 సెంటీమీటర్లకి పెరిగింది. వెన్ను ఇంకా కంటికి పైనే ఉంది కాబట్టి కప్పు లోపలి వాసాలూ కనిపిస్తున్నాయి. కింద పొయ్యి, దాని మీదుగా అటక, ఆ పైన గడ్డి కప్పు, మూడూ ఒకే చూపులో. పొగ దారి గీయాలని అప్పుడు తట్టింది. పొయ్యి నుంచి లేచి, తడిక సందుల్లోంచి విత్తనాల మధ్యగా పోయి, గడ్డిలోంచి మెల్లగా బయటికి. విత్తనాలకి పురుగు పట్టకుండా, వెదురు చెదపట్టకుండా కాపాడేది ఆ పొగే. ఇది మనందరికీ తెలుసు. కాగితం మీద మాత్రం ఎప్పుడూ చూసి ఉండలేదు.

కాలేజీ కంప్యూటర్లో SketchUpలో కూడా చేసి చూశాం. `Section Plane` పెట్టి `Perspective`లో చూస్తే చిటికెలో వస్తుంది, అక్కడా కంటి ఎత్తు మనమే నిర్ణయించుకోవాలి. చేతి బొమ్మే మాకు నచ్చింది. కోసిన గోడలకి నల్ల సిరా నింపాం, పద్ధతి అది. కోసింది ముదురు, దగ్గరున్నది మధ్యరకం, దూరంది సన్నటి గీత. ఈ తేడా లేకపోతే ఏది కోసిందో ఏది వెనకుందో కన్ను పోల్చుకోలేదు.

బొమ్మ పట్టుకెళ్లి అవ్వకి చూపించాం. ఆమె చదువుకోలేదు. అంతకుముందు కొత్త కాలనీ ఇంటి ప్లాను కాగితం చూపిస్తే పక్కన పెట్టేసింది. దీన్ని మాత్రం ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూసి, వేలు పెట్టి, "ఇదేందయ్యా, దూలం గోడ మీద పెట్టారు?" అంది.

మేము అలాగే గీశాం. గోడని దూలం దాకా లేపి, నల్లగా నింపి, దూలం చివర దాని మీద కూర్చోబెట్టాం. తరగతిలో నేర్చుకున్న ఇళ్లన్నీ అంతే, గోడే మోస్తుంది.

"గోడ మొయ్యదురా. గుంజ మోస్తది. గోడ చలిగాలికి అడ్డం, అంతే. ఆ పెద్ద గోదారి వచ్చినప్పుడు గోడలన్నీ కరిగిపోలా? కప్పు పడిందా మరి?"

2022 జులై వరద సంగతి అది. ఆ నెల 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే. మా ఇల్లు కాస్త మెరక మీద ఉన్నా గది నేల మీద 1.2 మీటర్ల నీళ్లు నిలిచాయి. గుంజ మీద ఆ మరక ఇంకా ఉంది, మేమే కొలిచాం. కొలిచి కూడా ఆలోచించలేదు చూడండి. మూడు రోజులు నీళ్లలో నానిన మట్టి గోడ మీద కప్పు ఉండి ఉంటే అటకతో సహా కిందపడేది. నీళ్లు తీశాక గోడలు మళ్లీ తడిక అల్లి మట్టి మెత్తారు. నిట్రాడు, గుంజలు, దూలాలు తాత నాటినవే. అటక మీది విత్తనాలకి నీళ్లు అందలేదు, ఆ ఏడు నాటింది అవే.

వెళ్లి మళ్లీ చూశాం. గుంజలు గోడకి లోపలివైపు విడిగా నిలబడి ఉన్నాయి, గోడ పైన దూలానికి నాలుగు వేళ్ల సందు ఉంది. చిన్నప్పటి నుంచి ఆ సందులో దువ్వెన పెట్టుకున్నవాళ్లమే. షీటు మళ్లీ గీశాం. గోడకి నలుపు తీసేసి పలచటి ఎర్రమన్ను రంగు వేశాం, సందు చూపించాం, గుంజల్ని భూమిలోకి అర మీటరు దిగేదాకా గీశాం. ముదురు గీతలు ఇప్పుడు వాటికే. వరద నీటి మట్టాన్ని నీలి గీతగా అడ్డంగా లాగితే గది నేలకి, అటకకి మధ్యలో పడింది. అటకకి ఇంకా 60 సెంటీమీటర్ల కింద.

తర్వాత కొత్త ఇంటిని కూడా అదే స్కేలులో, అదే కంటి ఎత్తులో పక్కన గీశాం. చేతికిచ్చిన ప్లానులో ఉన్నంత వరకే. అక్కడ గోడలకి నలుపు సరైనదే, స్లాబుని అవే మోస్తాయి. సిమెంటు గోడ నీళ్లకి కరగదు, ఆ మాట ఒప్పుకోవాలి. అటక లేదు, గోడకి ఒక చెక్క బల్లంత షెల్ఫు ఉంది. పొగ గీద్దామంటే స్లాబు కింద గుండ్రంగా తిరిగి కిటికీ దగ్గర ఆగింది. అవ్వ రెండు బొమ్మల్నీ మార్చి మార్చి చూసి ఒకటే అడిగింది, విత్తనాలు ఎక్కడ పెట్టాలి అని.

ఆ ప్రశ్న మీద ఇంట్లో రెండు రోజులు మాటలు నడిచాయి. బాబాయి గ్యాస్ పొయ్యి ఉంటుందిగా అన్నాడు. గ్యాస్‌కి పొగ రాదు, సరే, పొగ లేకపోతే విత్తనం సంగతేంటని అవ్వ. చివరికి నాన్న తేల్చింది, కొత్త ఇంటి వెనక ఖాళీలో 3 మీటర్ల చదరంలో నాలుగు గుంజల పాక వేద్దామని. కింద పొయ్యి, పైన అటక. పాత ఇంటి దూలాలు విప్పి తెచ్చుకుంటే చాలు, కొత్త కలప అక్కర్లేదు. దాని సెక్షన్ ఇప్పుడు గీస్తున్నాం. ఇబ్బంది ఏంటంటే పాత దూలం 3.6 మీటర్లు, కొత్త పాక 3. రెండు పక్కలా 30 సెంటీమీటర్లు బయటికి పొడుచుకొస్తుంది. కోద్దామా, చూరు కింద అలాగే వదిలేద్దామా అని అడిగితే అవ్వ వదిలేయమంది, కోళ్ల బుట్ట వేలాడదీసుకోవచ్చంట.