సైకిల్ గొలుసు నేర్పిన లెక్క



ప్రాజెక్టు అనగానే మీలో చాలామంది "నాకు ఇష్టమైన దాని గురించి రాస్తాను" అంటారు. ఇష్టం మాత్రమే ఉంటే అది ఇంకా అంశం కాదు. ఇష్టమైన వస్తువును గురించి మనమే కొలిచి జవాబు చెప్పగల ఒక ప్రశ్న దొరకాలి. కొన్ని సంవత్సరాల క్రితం నా తరగతిలో చదివిన ఒక అబ్బాయి కథ వింటే ఈ మాట మీకు స్పష్టమవుతుంది.

పేరాక్ రాష్ట్రంలో, పామాయిల్ తోటల నడుమ ఉన్న బడి మాది. ఆ అబ్బాయి అక్షరాలు కూడబలుక్కుని చదివేవాడు. లెక్కల్లో భాగహారం వస్తే పలక పక్కన పెట్టేసేవాడు. మార్కులు వచ్చేదాకా సైకిల్‌కు తాళం వేస్తానని అతని తండ్రి నాతో చెప్పాడు. అయితే ఆ అబ్బాయి నోటుపుస్తకం చివరి పుటల నిండా సైకిళ్ళ బొమ్మలే. ఆ బొమ్మల్లో గొలుసు ఏ పళ్ళచక్రం మీదుగా ఎలా వెళుతుందో తప్పు లేకుండా గీశాడు. "మూడు వారాలు తాళం వేయకండి, ఆ సైకిల్‌తోనే చదివిస్తాను" అని తండ్రిని అడిగాను. ఆయన అయిష్టంగానే ఒప్పుకున్నాడు.

"సైకిల్ చరిత్ర రాస్తాను మాస్టారూ" అన్నాడు అబ్బాయి. అలా రాస్తే పుస్తకం చూసి ఎత్తిరాయడమే అవుతుంది. "ఏ సైకిల్ గొప్పది?" అన్నాడు. దానికి ఒక్కొక్కరు ఒక్కొక్క జవాబు చెబుతారు. చివరకు నేను, "పెడల్ ఒక్కసారి పూర్తిగా తిరిగితే నీ సైకిల్ ఎంత దూరం పోతుంది?" అని అడిగాను. అతడు జవాబు చెప్పలేదు. సైకిల్ దగ్గరకు పరుగెత్తాడు. అంశం కుదిరింది.

మొదట పళ్ళు లెక్కించాడు. ఒకసారి 35 వచ్చాయి, ఇంకోసారి 37. ఎక్కడ మొదలుపెట్టాడో మరచిపోవడమే కారణం. ఒక పన్నుకు సుద్దముక్కతో గుర్తు పెట్టాక, ముందు చక్రానికి 36, వెనుక చక్రానికి 18 అని తేలింది. గొలుసు ముందు ఒక్కొక్క పన్ను జరిగితే వెనుక కూడా ఒక్కొక్క పన్నే జరుగుతుంది. కనుక పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనుక చక్రం 36ను 18తో భాగించినన్ని చుట్లు, అంటే రెండు చుట్లు తిరుగుతుంది. తాను భయపడే భాగహారాన్ని ఆ రోజు అతడు వేళ్ళకు గ్రీజు అంటించుకుని చేశాడు.

తరువాత టైరుకు సుద్దగీత గీసి, వరండాలో సైకిల్‌ను నడిపించి, గీత మళ్ళీ నేలను తాకేదాకా కొలిచాము. 155 సెంటీమీటర్లు వచ్చింది. రెండు చుట్లకు 310 సెంటీమీటర్లు. తోట గేటు నుంచి బడిదాకా ఉన్న దారిని 20 మీటర్ల టేపుతో కొలిస్తే 31 టేపులు, అంటే 620 మీటర్లు అయింది. టేపు రెండో కొస పట్టుకున్నది అతని తండ్రే. 620 మీటర్లను 310 సెంటీమీటర్లతో భాగిస్తే 200. కాబట్టి 200 సార్లు తొక్కాలి.

కుడికాలు కిందికి వచ్చినప్పుడల్లా లెక్కపెడుతూ అతడు తొక్కుకుంటూ వచ్చాడు. 171 వచ్చింది! "నా లెక్క తప్పు" అని కాగితం చింపబోయాడు. ఆపి, "దారిలో ఎక్కడైనా తొక్కడం మానావా?" అని అడిగాను. చిన్న వంతెన దిగే పల్లంలో కాళ్ళు కదపలేదట. వెనుక పళ్ళచక్రం లోపల చిన్న కొక్కేలు ఉంటాయి. ముందుకు తొక్కినప్పుడు అవి చక్రాన్ని పట్టుకుంటాయి. కాళ్ళు ఆపితే పట్టు వదిలి, టిక్ టిక్ అని జారుతాయి. సైకిల్ పోతూనే ఉంటుంది.

మరునాడు పల్లంలో బ్రేకు కొద్దిగా పట్టి, ఆపకుండా తొక్కాడు. ఈసారి 203. మూడు ఎందుకు పెరిగాయి? రెండు రోజులు ఆలోచించి, "మాస్టారూ, నేను ఎక్కి కూర్చుంటే టైరు నొక్కుకుంటుంది కదా!" అన్నాడు. అతణ్ణి కూర్చోబెట్టి మళ్ళీ కొలిచాము. 155 కాదు, 153. అంటే పెడల్ చుట్టుకు 306 సెంటీమీటర్లు. 620 మీటర్లను దానితో భాగిస్తే 203కు కొంచెం తక్కువ వస్తుంది.

ఇక రాయడం మిగిలింది. రాంతాయ్ అనే మలయ్ మాట వచ్చు కాని, గొలుసు అనే తెలుగు మాట అతనికి తెలియదు. నేర్చుకున్నాడు. చేసిన పనినే వరుసగా రాశాడు గనుక వాక్యాలు వెతుక్కోనక్కరలేకపోయింది. 171 అన్న అంకెను చెరపవద్దని చెప్పాను. తరగతి ముందు నిలబడి, తడబడుతూనే, చివరి వాక్యం దాకా చదివాడు. ఆ వాక్యం ఇది: "నా కాళ్ళు ఆగినా సైకిల్ ఆగలేదు, అందుకే మొదటి లెక్క తగ్గింది."

సైకిల్‌కు ఆయన తాళం వేయలేదు.