మాస్కోలో నీలం ఒకటి కాదు!

‘అర్బాత్‌స్కయా స్టేషన్లో కలుద్దాం’ అని మాస్కోలో ఎవరైనా అంటే వెంటనే సరేనని ఫోను పెట్టేయకూడదు. ఆ పేరుతో అక్కడ రెండు మెట్రో స్టేషన్లున్నాయి. ‘ఏ లైను?’ అని అడిగి, ‘నీలం లైను’ అన్న జవాబు తెచ్చుకున్నా తెలుగువాడి పని అయినట్టు కాదు. మన కంటికి ఆ రెండు లైన్లూ నీలమే. కాకపోతే ఒకటి ముదురు, ఒకటి లేత. రష్యన్లకు మాత్రం ఈ తిప్పలు లేవు. మెట్రో పటంలో 3వ నెంబరు లైను ‘సీనియ్’, 4వ నెంబరు లైను ‘గలుబోయ్’. మనం ఎరుపునీ పసుపునీ చూసి తికమకపడనట్టే వాళ్లు ఆ రెండిటినీ చూసి తికమకపడరు.

ఇంతకీ ఒకే పేరుతో రెండు స్టేషన్లెందుకు? దానికో యుద్ధం కథ ఉంది. మాస్కో మెట్రో 1935లో మొదలైంది. అప్పుడు తెరిచిన స్టేషన్లలో అర్బాత్‌స్కయా, స్మొలెన్‌స్కయా ఉన్నాయి. నేలకు కాస్త కిందుగా తవ్విన సొరంగం అది. 1941లో జర్మన్ బాంబు ఒకటి దాని పైకప్పుని ఛేదించింది. యుద్ధం అయ్యాక ఆ దారిలోనే బాగా లోతుగా ఇంకో సొరంగం తవ్వి, 1953లో కొత్త స్టేషన్లు తెరిచారు. పాతవి మూసేశారు. కొత్తవాటికీ అవే పేర్లు పెట్టారు. పాతవి ఎలాగూ లేవు కదా అనుకుని ఉంటారు. అయితే నగరం పడమటి వైపు పెరగడంతో 1958లో పాత సొరంగాన్ని దుమ్ము దులిపి మళ్లీ వాడకంలోకి తెచ్చారు. లోతైనది సీనియ్ లైను, పైదీ పాతదీ అయినది గలుబోయ్ లైను.

రెండు అర్బాత్‌స్కయాలకూ మధ్య నేరుగా దారి లేదు. స్మొలెన్‌స్కయాలదీ అదే కథ. సీనియ్ అర్బాత్‌స్కయాలో దిగి, పొరపాటు తెలిసి, కిందినుంచే రెండోదానికి పోవాలంటే ముందు అలెక్సాంద్రోవ్‌స్కీ సాద్ అనే స్టేషన్లోకి నడవాలి. అక్కడ గలుబోయ్ రైలెక్కి ఒక్క స్టేషన్ ప్రయాణించాలి. దానికన్నా ఎస్కలేటరెక్కి రోడ్డు మీదికొచ్చి నడుచుకుపోవడమే నయం. పైకొస్తే గుర్తుపట్టడం తేలిక. గలుబోయ్ స్టేషన్ కట్టడం అయిదు మూలల నక్షత్రంలా, ఎర్రటి రంగుతో ఉంటుంది. రంగు పేరు పట్టుబడనివాడు లైను నెంబరైనా గుర్తుపెట్టుకోవాలి. ప్రతి బోర్డు మీదా రంగు వృత్తంలో 3 అనో 4 అనో రాసి ఉంటుంది.

ముదురూ లేతా కాదు

సీనియ్ అంటే ముదురు నీలం, గలుబోయ్ అంటే లేత నీలం అని నిఘంటువులు చెబుతాయి. ఆ అర్థం తప్పేమీ కాదు. కానీ అసలు సంగతి అందులోంచి జారిపోతుంది. రష్యన్లకు ఇవి ఒకే రంగులోని రెండు ఛాయలు కావు, రెండు రంగులు. గులాబీ రంగుని మనం ‘లేత ఎరుపు’ అనం కదా! అలాగన్నమాట. రెండిటికీ కలిపి మన ‘నీలం’ లాంటి ఒక్క మాట వాళ్ల వాడుకలో లేదు. గలుబోయ్‌కి పావురంతో చుట్టరికం. రష్యన్లో పావురాన్ని ‘గోలుబ్’ అంటారు. తేటపడిన ఆకాశం, కొందరి కళ్లు గలుబోయ్. సముద్రం, సిరా మరక, చలికాలపు సాయంత్రం సీనియ్. అక్కడి పిల్లలు ఇంద్రధనుస్సు రంగుల్ని ఓ వేటగాడూ నెమలికోడీ ఉన్న వాక్యంతో గుర్తుపెట్టుకుంటారు. అందులో ఆకుపచ్చ తర్వాత గలుబోయ్, ఆ తర్వాత సీనియ్, ఆపైన ఊదా. అంటే పలక పట్టే వయసులోనే ఇవి వేర్వేరు గడుల్లో కూర్చుంటాయి.

ఇది మాటల వరకేనా, చూపుదాకా వెళుతుందా? ఈ సందేహంతో చేసిన ఓ ప్రయోగం ఫలితాలు 2007లో వచ్చాయి. ముదురు నుంచి లేత దాకా 20 నీలాలు తీసుకున్నారు. తెర మీద పైన ఒక గడి, కింద రెండు గడులు. పైదానిలా ఉన్నది ఏదో చెప్పాలి. కింది రెండిట్లో ఒకటి సీనియ్, ఒకటి గలుబోయ్ అయితే రష్యన్లు ఇంకాస్త త్వరగా చెప్పారు. రెండూ ఒకే పేరు కిందికొస్తే కాస్త ఆలస్యం. ఇంగ్లిషువాళ్లలో ఈ తేడా కనిపించలేదు. ఓ ఎనిమిది అంకెల సంఖ్యని మనసులో వల్లెవేసుకుంటూ చూడమంటే మాత్రం రష్యన్ల ఆధిక్యం మాయమైంది. లోపల మాటకి చోటు లేకపోయేసరికి ఆ ఊతం పోయిందన్నమాట. అలాగని రష్యన్లకు మనకు కనబడని రంగులేవో కనబడతాయని కాదు. తేడా అంతా సెకనులో చిన్న భాగమే.

తెలుగులోకి తెస్తే...

స్మొలెన్‌స్కయా నుంచి ‘సదోవయె’ వలయ రహదారి పట్టుకుని దక్షిణంగా నడిస్తే జూబొవ్‌స్కీ బుల్వార్ వస్తుంది. అక్కడి 17వ నెంబరు భవనంలోనే ఒకప్పుడు ప్రగతి ప్రచురణాలయం ఉండేది. నున్నటి కాగితం మీద రంగుల బొమ్మలతో, విశాలాంధ్ర దుకాణాల్లో చవగ్గా దొరికిన ఆ సోవియట్ పుస్తకాలు తెలుగిళ్లలో ఓ తరానికి గుర్తే. ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి లాంటివారు మాస్కోలో ఉండి తెలుగు అనువాదాలు చేశారు. ఆ పనిలో ఉన్నవారికి ఈ రెండు నీలాలు ఎదురుకాకుండా ఉండవు.

పిల్లల రచయిత అర్కాదీ గైదార్‌నే తీసుకోండి. 1936లో ఆయన రాసిన ఓ కథ పేరులోని కప్పు గలుబోయ్. అమ్మ కప్పు పగులుతుంది. నింద నాన్న మీదా, చిన్నారి కూతురి మీదా పడుతుంది (మన ‘నీలాపనింద’ ఇక్కడ అతికినట్టుంటుంది!). 1939లో వచ్చిన ‘చుక్-గెక్’ కథలో అన్నదమ్ముల తండ్రి పనిచేసే చోటు దగ్గరున్న కొండలు సీనియ్. తెలుగులో కప్పూ నీలమే, కొండలూ నీలమే. రష్యన్ పిల్లాడికి మొదటిది వేసవి పొద్దులా తేటగా కనిపిస్తుంది. రెండోది దూరంగా, దట్టమైన అడవితో, చలిగా కనిపిస్తుంది. మన పిల్లాడికి ఆ పని బొమ్మ చేసిపెట్టాలి.

మరి మన దగ్గర మాటల్లేవా? ఉన్నాయి. పట్టుచీరల దుకాణంలో కాసేపు కూర్చుంటే నెమలికంఠం రంగు, మైలుతుత్తం రంగు, ఆనందా బ్లూ, నేవీ బ్లూ అని వరసగా వినిపిస్తాయి. కానీ మైలుతుత్తం రంగు కొండలు అని పిల్లల కథలో రాస్తే నవ్విపోతారు. అవి చీరల మాటలు. కొండకీ కంటికీ కప్పుకీ అన్నిటికీ సరిపోవాలంటే మళ్లీ ‘నీలం’ దగ్గరికే రావాలి. సంస్కృతం నుంచి వచ్చిన ఈ మాటకి మొదటినుంచీ నలుపు వైపే మొగ్గు. నీలమేఘశ్యాముడంటే నల్లనయ్యే కదా. నీలిమందు రంగూ ముదురే. ఆ లెక్కన ఒంటరిగా వదిలేస్తే తెలుగు నీలం సీనియ్‌కే దగ్గర. గలుబోయ్‌కే వెతుక్కోవాలి.

‘లేత నీలం’ అందామా? అది సరైనదో కాదో తేల్చడానికి ఓ ఉపాయముంది. తెలుగు మాటని తిరిగి రష్యన్లోకి మార్చి చూడాలి. లేత నీలం ‘స్వెత్ల-సీనియ్’ అవుతుంది. అంటే కాస్త వెలిసిన సీనియ్ తప్ప గలుబోయ్ కాదు. గలుబోయ్‌లోనూ ముదురూ లేతా ఉంటాయి మరి! ‘లేత’ అనగానే మనం దాన్ని ఇంకో రంగుకి పిల్లని చేసేస్తాం. ‘ఆకాశనీలం’ మెరుగు. కప్పుకీ చొక్కాకీ కళ్లకీ పనికొస్తుంది. అది దెబ్బతినేది ఆకాశం దగ్గరే. గలుబోయ్‌గా ఉన్న ఆకాశం చీకటిపడే వేళకి సీనియ్ అయిందని రష్యన్లో ఒక వాక్యం ఉందనుకుందాం. ‘ఆకాశనీలం రంగు ఆకాశం ముదురు నీలమైంది’ అంటే ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో చూడండి. ఇక్కడ రంగు పేర్లని పట్టుకు వేలాడకూడదు. ‘తేటగా ఉన్న ఆకాశం చూస్తుండగానే ముదిరి నల్లనీలమైంది’ అంటే సరిపోతుంది. మొదటి రంగు తేటదనంలోకి, మారడం ‘ముదిరి’ అన్న క్రియలోకి వెళ్లిపోయాయి. రష్యన్ కూడా ఇలా క్రియని వాడుతుంది. దూరంగా ఏదైనా సీనియ్‌గా కనబడుతుంటే ఆ రంగు పేరునే క్రియ చేసి, అది ‘నీలిస్తోంది’ అన్నట్టుగా చెబుతారు.

ప్రతిచోటా ఇంత యాతన అక్కర్లేదు. రెండు నీలాలూ ఒకే పేజీలో ఎదురుపడినప్పుడే పేచీ. ఒక్కటే ఉన్నప్పుడు నీలం అని వదిలేస్తే కథకొచ్చే నష్టం తక్కువ. కథలో కప్పు పగలడం ముఖ్యం. మెట్రో పటంలో అలా వదిలేస్తే మాత్రం మనిషి తప్పిపోతాడు.

ఈ బాధ తెలుగుకొక్కదానికే అనుకోనక్కర్లేదు. రష్యన్లోకి తెచ్చేవాళ్లకీ ఉంది, తిరగేసి. మాటర్లింక్ ఫ్రెంచ్‌లో రాసిన ‘నీలిపక్షి’ నాటకాన్ని మాస్కో ఆర్ట్ థియేటర్ 1908లో మొదటిసారి ప్రదర్శించింది. ఫ్రెంచ్‌లో నీలానికి ఉన్నది ఒకే మాట. రష్యన్లో ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. పక్షి సీనియ్ అయింది. యోహాన్ స్ట్రాస్ బాణీలోని డాన్యూబ్ నదికి జర్మన్‌లోనూ ఒకే నీలం. రష్యన్లో ఆ నది గలుబోయ్ అయింది. అందని పక్షికి లోతైన రంగు, నాట్యానికి పిలిచే నదికి తేలికైన రంగు.

మన ‘పచ్చ’ వాళ్ల చేతికిస్తే ఇదే జరుగుతుంది. పచ్చని పొలం వాళ్లకు ఆకుపచ్చ. పచ్చని మేనిఛాయ పసుపు. రెండిటికీ ఒకే మాట ఎలా సరిపోతోందని రష్యన్ ఆశ్చర్యపోతే మనం చెప్పగలిగేది, సందర్భం చూసుకొమ్మనే.

రష్యాలోనూ ఈ రెండు రంగులు గోడ కట్టుకుని విడిగా ఏమీ ఉండవు. అర్బాత్ వీధిలో జ్ఞాపికలమ్మే దుకాణాల్లో తెల్లటి పింగాణీ మీద నీలం పువ్వులున్న కప్పులు, టీ కూజాలు వరసగా పేర్చి ఉంటాయి. మాస్కోకి ఆగ్నేయంగా ఉన్న గ్జెల్ ప్రాంతపు పనితనం అది. కోబాల్ట్ రంగుతో చేత్తో వేస్తారు. వేసేటప్పుడు అది నల్లగా ఉంటుంది. పైన మెరుగుపూత ముంచి కొలిమిలో కాల్చాకే నీలమవుతుంది. ఎక్కడ ఎంత నీలం తేలుతుందో పనివాళ్లు ఆ నలుపులోనే అంచనా వేసుకోవాలి. కుంచెకి ఒక పక్క చిక్కటి రంగు అంటించి, మణికట్టు తిప్పుతూ ఒక్క విసురుతో రేకు గీస్తారు. ఆ ఒక్క గీతలోనే ఈ అంచు సీనియ్, ఆ అంచు గలుబోయ్. మధ్యలో ఎక్కడ పేరు మారిందో వేలు పెట్టి చూపించమంటే మాస్కోవాసి కూడా కప్పుని వెలుతురులోకి తిప్పి చూడాల్సిందే.