కల్పిత సంఖ్య అంటే పక్కకి తిరగడం

మొన్న సెలవులకి ఊరెళ్తే ఇంటర్ ఎంపీసీ చదివే మా తమ్ముడు అడిగాడు: "అన్నా, ఏ సంఖ్యని వర్గం చేసినా మైనస్ రాదన్నారు. ఇప్పుడేమో i వర్గం మైనస్ ఒకటి అంటున్నారు. లేని సంఖ్యతో లెక్కలెందుకు?"

హాస్టల్‌లో ఉన్నప్పుడు నాకూ ఇదే డౌటు. అడగడానికి భయపడి సూత్రాలు బట్టీ పట్టాను, పరీక్షలో మర్చిపోయాను. వాడికి అలా కాకూడదని వాకిట్లో పుల్లతో ఒక గీత గీశాను. మధ్యలో సున్నా, కుడివైపు 3.

"3ని -1తో గుణిస్తే?" "-3." అంటే కుడికి చూస్తున్నది ఎడమకి చూస్తోంది, 180 డిగ్రీలు తిరిగింది. "మరి ఒకే పని రెండుసార్లు చేస్తే అలా వెనక్కి తిరగాలి. ఏం చేస్తావ్?" వాడు లేచి ఎడమచేతి వైపుకి తిరిగాడు, మళ్లీ ఒకసారి తిరిగాడు. "90 డిగ్రీలు రెండుసార్లు!"

ఆ 90 డిగ్రీల మలుపే i. గీత మీద వెతికితే దొరకదు, ఎందుకంటే అది గీతకి పక్కన ఉంటుంది. అందుకే 3 + i అంటే కుడికి మూడడుగులు, పైకి ఒకడుగు.

దీన్ని మొదట ఇలా బొమ్మలో చూపించినవాడు డెన్మార్క్‌లో భూములు కొలిచే సర్వేయర్, కాస్పర్ వెస్సెల్. 1797లో అక్కడి అకాడమీకి చెప్పాడు. దాదాపు వందేళ్లు ఎవరూ పట్టించుకోలేదు.

మేమూ ఒక చతురస్రం చేను కొలిచాం. ఒక మూల 2 + i, పక్క మూల 5 + 2i. మిగతా రెండు మూలలు ఎక్కడ? తమ్ముడు వెంటనే 5 + 2iని iతో గుణించి -2 + 5i అన్నాడు. గుర్తు పెట్టి చూస్తే చతురస్రం రాలేదు. తిప్పాల్సింది మూలని కాదు, గట్టుని. మూలని గుణిస్తే అది సున్నా చుట్టూ తిరిగిపోతుంది.

గట్టు అంటే రెండు మూలల తేడా: 3 + i. దాన్ని iతో గుణిస్తే 3i + i², అంటే -1 + 3i. ఇది 5 + 2iకి కలిపితే మూడో మూల 4 + 5i. గట్టుని మళ్లీ తిప్పితే -3 - i, నాలుగో మూల 1 + 4i. ఇంకోసారి తిప్పితే 1 - 3i. అది కలిపితే 2 + i, మొదలుపెట్టిన మూలకే వచ్చాం. లెక్క సరైందని అదే సాక్ష్యం. కోణమానిని లేదు, సైన్ కాస్ లేవు.

తమ్ముడు పుల్ల తీసుకుని, "మరి 45 డిగ్రీలు తిప్పాలంటే?" అన్నాడు. (1 + i)ని వర్గం చెయ్యమన్నాను. 2i వచ్చింది. "90 తిరిగింది గానీ పొడవు రెండింతలైందే!" అన్నాడు. అవును, 1 + i ఒక్కసారికి 45 డిగ్రీలు తిప్పుతుంది, కానీ √2 రెట్లు సాగదీస్తుంది కూడా. ఉత్తినే తిప్పాలంటే √2తో భాగించాలి.

చీకటి పడేదాకా వాడు వాకిలంతా గీస్తూనే ఉన్నాడు.